సాక్షి నీళ్లు నమిలితే దుభాషి కూడా నమలాలా?

ఉద్దానం పిల్ల · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ట్యూషన్లు చెప్పుకుంటాను. అమ్మమ్మగారిది బరంపురం, అందుకని ఒడియా బాగా వచ్చు. మా జిల్లాలో ఒక కోర్టుకి రోజూ వచ్చే దుభాషి సెలవులో ఉంటే, తెలిసినవాళ్లు నా పేరు చెప్పారు. వెళ్లాను, ప్రమాణం చేయించారు, నిలబెట్టారు.

సాక్షి కొబ్బరిపీచు పని చేసుకునే పెద్దావిడ, ఒడియా తప్ప రాదు. కొబ్బరితోట కంచె దగ్గర గొడవ. ముద్దాయిలు మొగుడూ పెళ్లాం, ఇంకొందరు. (ఊరూ వివరాలూ కొంచెం మార్చాను.) ఆవిడ అన్నది ఇది: "హఁ... చారి పాంచ జణ హేబే... సే కహిలా, సళా, కాటి దేబి." ఆ తర్వాత తల్లి మీద పెట్టి ఇంకో మాట, అది ఇక్కడ రాయలేను.

నేను చెప్పింది: "ఐదుగురు వచ్చారు. అతను బూతులు తిట్టి, చంపుతానని బెదిరించాడు."

అవతలి లాయరుగారికి కొంచెం ఒడియా వచ్చట. లేచి, "అమ్మాయి సాక్ష్యం చెప్తోందా, తర్జుమా చేస్తోందా?" అన్నారు. జడ్జిగారు నన్ను జాగ్రత్తగా చెప్పమని మందలించి ముందుకు వెళ్లారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సహించలేదు. అబద్ధం ఏమీ చెప్పలేదు కదా, ఆవిడ తడబడి చెప్పిన దాన్ని అర్థమయ్యేలా చెప్పాను. అది తప్పా? వచ్చే వాయిదాకి మళ్లీ నన్నే రమ్మన్నారు. టెన్షన్‌గా ఉంది.

కోటబొమ్మాళి జూనియర్ · సోమవారం రాత్రి 10:05

చెల్లీ, అనవసరంగా భయపడుతున్నావు. నేను ఈ మధ్యే ప్రాక్టీసు మొదలుపెట్టాను, రోజూ చూస్తున్నదే. మన కోర్టుల్లో సాక్ష్యం ప్రశ్న, జవాబు అని రాసుకోరు. కథనంలా రాస్తారు, "నేను ఫలానా రోజున తోటలో ఉన్నాను, నలుగురు వచ్చారు" అని. ఆ 'హఁ'లూ 'ఊఁ'లూ రికార్డులోకి ఎలాగూ ఎక్కవు. దుభాషి నిజమైన అర్థం చెప్పాలని చట్టంలో ఉంది, అర్థమే అడిగారు, నత్తి అడగలేదు. నువ్వు అర్థం చెప్పావు. ఆ లాయరుగారిది మామూలు హడావిడి.

నాగావళి ఒడ్డు · సోమవారం రాత్రి 10:31

మాకూ ఇదే అన్యాయం జరిగింది. మా నాన్నగారు సాక్ష్యం చెప్పినప్పుడు "గుంట కాడ సూసినాను" అన్నారు. గుంట అంటే మా ఊళ్లో ఆడపిల్ల. రాసుకున్నాయన వేరే జిల్లా మనిషి, గొయ్యి దగ్గర చూశానని ఇంగ్లీషులో రాసేశాడు! పిల్ల పక్కన ఉన్న మనిషిని చూశాడా, గోతి పక్కన ఉన్న మనిషిని చూశాడా అని తర్వాత గంటసేపు క్రాస్ చేశారు. దుభాషుల మీద కేసు వేయొచ్చా? ఎక్కడ వేయాలి?

బొబ్బిలి వీణ · సోమవారం రాత్రి 10:44

నాగావళిగారూ, మీ నాన్నగారు తెలుగే మాట్లాడారు కదండీ, అందులో దుభాషి ఎక్కడున్నాడు?

నాగావళి ఒడ్డు · సోమవారం రాత్రి 10:50

అదేనండీ, ఉండాల్సింది!

పాత దుభాషి · మంగళవారం ఉదయం 6:15

ఉద్దానం పిల్లా, ముందు ఒక మాట. నడుస్తున్న కేసు గురించి ఇలా బయట రాయకూడదు. వివరాలు మార్చానన్నావు కాబట్టి ఆ మాట మీద మాత్రమే చెప్తాను. నేను ఇరవై ఏళ్ల పైచిలుకు ఒడియా, తెలుగు మధ్య నిలబడ్డాను. మొదటి ఏడాది నువ్వు చేసినవన్నీ నేనూ చేశాను.

నువ్వు అబద్ధం చెప్పలేదు, నిజమే. కానీ ఆవిడ ఒక్క వాక్యాన్ని నాలుగు చోట్ల మార్చావు. ఒక్కొక్కటే చూడు.

"చారి పాంచ జణ హేబే" అంటే నలుగురో ఐదుగురో ఉంటారు అని. ఆవిడ లెక్కపెట్టలేదు. నువ్వు ఐదుగురు అన్నావు. జూనియర్ బాబుకి తెలిసే ఉంటుంది, ఐదుగురు ఉంటేనే చట్టవిరుద్ధ సమావేశం. నలుగురైతే ఆ సెక్షన్ లేదు. పాత 141, ఇప్పుడు న్యాయ సంహితలో 189. ఆవిడ అనుమానంగా అన్నదాన్ని నువ్వు లెక్క తేల్చేశావు. ఆ లెక్క తేల్చాల్సింది జడ్జిగారు.

"కాటి దేబి" అంటే నరికేస్తాను. చెయ్యి నరుకుతాడో, పీక నరుకుతాడో, కంచె నరుకుతాడో ఆ మాటలో లేదు. నువ్వు 'చంపుతాను' అన్నావు. మామూలు బెదిరింపుకి రెండేళ్ల దాకా, చంపుతాననో తీవ్రంగా గాయపరుస్తాననో బెదిరిస్తే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది, అదే 351లో. ఆ రెండింటి మధ్య ఎక్కడ పడుతుందో వాదించుకోవడానికి ఇద్దరు లాయర్లున్నారు. వాళ్ల పని నువ్వు చేసిపెట్టావు.

"బూతులు తిట్టి" గురించి సాయంత్రం రాస్తాను, అది పెద్ద కథ. నాలుగోది 'అతను'. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నువ్వే ఒకసారి చూసుకో.

ఉద్దానం పిల్ల · మంగళవారం ఉదయం 7:02

'సే' అన్నది కదా అమ్మా. సే అంటే అతను...

అయ్యో.

బొబ్బిలి వీణ · మంగళవారం ఉదయం 8:20

ఏమైంది? ఒడియా రానివాళ్లకి కూడా చెప్పండి.

ఉద్దానం పిల్ల · మంగళవారం ఉదయం 8:33

ఒడియాలో 'సే' అంటే అతను కావచ్చు, ఆమె కావచ్చు. క్రియలో కూడా తేడా ఉండదు. 'కహిలా' అంటే అన్నాడు, అన్నది, రెండూనూ. ముద్దాయిల్లో మొగుడూ ఉన్నాడు, పెళ్లామూ ఉంది. నేను 'అన్నాడు' అనేశాను. తెలుగులో వాక్యం ముగించాలంటే ఏదో ఒకటి అనాలి కదా, నోట్లోంచి అదే వచ్చేసింది. నరికేస్తానన్నది మగాడే అయ్యుంటాడని నేనే అనుకున్నట్టున్నాను.

కోటబొమ్మాళి జూనియర్ · మంగళవారం ఉదయం 9:10

దీనికి అంత రాద్ధాంతం అక్కర్లేదు. అంతకుముందు ఎవరి గురించి చెప్తోందో దాన్నిబట్టి తెలిసిపోతుంది కదా.

పాత దుభాషి · మంగళవారం మధ్యాహ్నం 1:25

తెలిసిపోతే చెప్పొచ్చు బాబూ. దానికి ముందు వాక్యంలో ఆవిడ "ఇంటాయన కంచె దగ్గరికి వచ్చాడు" అని ఉంటే, తర్వాతి 'సే' ఆయనే అని పెట్టుకోవడంలో తప్పులేదు. వేలు పెట్టి చూపించి ఉంటే కోర్టంతా చూసింది. కానీ ముందు వాక్యం "నలుగురో ఐదుగురో". ఆ గుంపులోంచి ఒక 'సే'ని నువ్వు ఎలా ఏరతావు?

ఇలాంటప్పుడు నేను చేసే పని ఇది. సాక్షి మాటల్ని 'నేను' అనే చెప్తాను, అంటే సాక్షి 'నేను చూశాను' అంటే నేనూ 'నేను చూశాను' అనే అంటాను. నా సొంత మాట చెప్పాల్సి వస్తే మాత్రం నన్ను నేనే 'దుభాషి' అంటాను. "దుభాషి మనవి: సాక్షి వాడిన మాటలో ఆడా మగా తెలియదు. అడగమంటే అడుగుతాను." అంతే. ఎవరు అన్నారని నా అంతట నేను సాక్షిని ఎదురు ప్రశ్న వేయను. ఒకసారి వేశాను, ఆ నిమిషం నుంచి సాక్షి జడ్జిగారి వైపు చూడటం మానేసి నాతోనే కబుర్లు మొదలెట్టింది. తర్వాత ఎంత లాగినా ఆవిడ చూపు అటు తిరగలేదు.

బొబ్బిలి వీణ · మంగళవారం మధ్యాహ్నం 2:10

తెలుగు మాస్టారిగా ఒక ఉపాయం చెప్పనా? 'అన్నారు' అంటే సరిపోదూ? ఆడా మగా ఇద్దరికీ వస్తుంది.

పాత దుభాషి · మంగళవారం మధ్యాహ్నం 2:40

మాస్టారూ, 'అన్నారు' అంటే ఒక్కరా, అందరూ కలిసా? గౌరవం ఇచ్చి అన్నదా? ఒడియాలో గౌరవానికి 'కహిలే' అని వేరే రూపం ఉంది, ఆవిడ అది వాడలేదు. ఒక అనుమానం తీర్చబోయి ఇంకోటి తెచ్చిపెడుతుంది.

బొబ్బిలి వీణ · మంగళవారం మధ్యాహ్నం 2:52

ఒప్పుకోను. 'అన్నాడు' అని మనిషిని ఖాయం చేసేయడం కంటే 'అన్నారు' తక్కువ నష్టం. ప్రతి వాక్యానికీ దుభాషి మనవి అంటూ ఆపితే సాక్షి చెప్పేది మరిచిపోతుంది.

సీతంపేట మాస్టారు · మంగళవారం సాయంత్రం 4:05

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా వైపు సవర మాట్లాడే పెద్దవాళ్లతో ఇంకో రకం ఇబ్బంది. నేను కోర్టులో కాదు గానీ, ఆఫీసుల్లో విచారణలప్పుడు మాట సాయం వెళ్తుంటాను. అధికారి "నువ్వు అక్కడ ఉన్నావా?" అంటాడు. పెద్దాయన తల ఊపుతాడు, "ఆఁ" అంటాడు. అది 'ఉన్నాను' కాదు, 'నువ్వు అడిగింది వింటున్నాను' అని. ఆ తర్వాత కాసేపు ఊరుకుని, అప్పుడు చెప్తాడు, ఒక్కోసారి 'లేను' అని. కానీ ఆ 'ఆఁ' దగ్గరే అధికారి రాసేసుకుంటాడు. నేను "అది అవును కాదండీ" అంటే నేను సాక్షిని మారుస్తున్నానంటారు. ఊరుకుంటే తప్పు రికార్డవుతుంది. నూరేళ్ల కిందట గిడుగువారు సవర నేర్చుకుని నిఘంటువు కూడా రాశారు, మనకి ఇంకా ఆ 'ఆఁ' అర్థం కాలేదు.

పాత దుభాషి · మంగళవారం సాయంత్రం 6:30

మాస్టారూ, మీరు చెప్పింది బరువైనదే. తల ఊపడాన్ని నేను తర్జుమా చేయను, అది అందరికీ కనిపిస్తుంది. నోటితో అన్న 'ఆఁ'ని 'ఆఁ' అనే అంటాను, 'అవును' అనను. "అది అవునా, వింటున్నానా?" అని అవతల అడిగితే, "అది దుభాషి తేల్చలేని మాట, సాక్షినే అడగండి" అంటాను. అయినా మీరన్నట్టు రాసుకునే చెయ్యి ఆగకపోతే ఏం చేయాలో నా దగ్గరా పూర్తి మందు లేదు.

ఇక ఉదయం వదిలేసిన మాట. జూనియర్ బాబూ, కథనంలా రాస్తారన్నావు, అది నిజం. కానీ కథనంలో ఏం ఎక్కాలో ఎంచేది జడ్జిగారు. ఆయన ఎంచుకోవాలంటే ముందు ఆయన చెవిన పడాలి. సాక్షి "నేను ఇంట్లోంచి... కాదు, తోటలోంచి చూశాను" అంటే, "తోటలోంచి చూశాను" అని నువ్వు శుభ్రం చేసి ఇస్తే, ఆ 'ఇంట్లోంచి' ఇక ఎవరికీ దొరకదు. క్రాస్ చేసే లాయరుకి పట్టుకోవలసిన కొస అదే కావచ్చు, లేకపోతే ముసలావిడ మామూలు నోరు జారడమే కావచ్చు. అదేదో తేల్చడం నీ పని కాదు, నా పని కాదు. సాక్షి తీరు ఎలా ఉందో రాసుకునే అధికారం కూడా జడ్జిగారికే ఇచ్చారు, సురక్షా సంహిత 315.

అలాగని నత్తిని నటించమనడం లేదు. ఆవిడ దగ్గితే నువ్వు దగ్గక్కర్లేదు, గొంతు వణికితే వణికించక్కర్లేదు. ఆవిడ ఆగింది అందరూ చూశారు, ఆ ఖాళీని నువ్వు నింపకుండా ఉంటే చాలు. మాటల్లో వచ్చిన తడబాటు మాత్రం మాటల్లోనే రావాలి. మొదలుపెట్టి వదిలేసిన ముక్క, 'ఏమో', 'అనుకుంటాను', 'అలాంటిదే ఏదో', ఇవన్నీ. 'సాక్షి భయపడుతోందండీ' అని మాత్రం ఎప్పుడూ అనొద్దు.

కోటబొమ్మాళి జూనియర్ · మంగళవారం రాత్రి 7:15

సరే మేడమ్, ఆ 'కాదు, తోటలోంచి' మాట ఒప్పుకుంటాను. మరి బూతు? 'అసభ్యంగా దూషించాడు' అనే రోజూ రాస్తున్నాం, ఫిర్యాదుల్లో కూడా అదే ఉంటుంది.

పాత దుభాషి · మంగళవారం రాత్రి 8:50

ఉంటుంది, అందుకే చాలా కేసులు నిలవవు. ఏ మాట అన్నాడో లేకుండా అసభ్యంగా తిట్టాడంటే ఆ అశ్లీలపు సెక్షన్‌కి చాలదు. పాత 294, ఇప్పుడు 296. 2022లో సుప్రీంకోర్టు కూడా వట్టి తిట్టు వేరు, అశ్లీలం వేరు అని చెప్పింది. అట్రాసిటీ కేసైతే ఇంకా సున్నితం, కులం పేరు పెట్టి అన్నాడా లేదా అన్నదే కేసు. అక్కడ 'కించపరిచాడు' అని మెత్తగా చెప్తే దెబ్బ తిన్నవాడి కేసు నీ నోట్లోనే చచ్చిపోతుంది.

ఇక్కడ రెండు మాటలున్నాయి, రెండింటికీ రెండు దార్లు. 'సళా' అంటే అక్షరాలా బావమరిది. తెలుగులో "బావమరిదీ, నరికేస్తా" అంటే కోర్టు నవ్వుతుంది. అలాగని దాని బదులు మన బూతు ఒకటి పెడితే, లేని అశ్లీలాన్ని ముద్దాయి నోట్లో నువ్వు పెట్టినట్టు. ఒడియాలో స్నేహితుల మధ్య కూడా వాడే తిట్టు అది. అందుకని మాటని మాటగానే ఉంచు: "'సళా, నరికేస్తా' అన్నాడు లేక అన్నది. దుభాషి మనవి: సళా అంటే బావమరిది, దాన్ని తిట్టుగా వాడతారు." ఎంత ఘాటైన తిట్టో నువ్వు తూకం వేయకు. ఎవరైనా అడిగితే సాక్షిని అడగమను.

రెండోది తల్లి మీద పెట్టినది. దానికి తెలుగులో సరిగ్గా అదే అర్థమున్న మాట ఉంది, లంజకొడకా అని. ఇక్కడ కూడా నువ్వు రాయలేనన్నావు చూశావా? కోర్టులోనూ అదే జరిగింది. సమానమైన మాట ఉన్నప్పుడు దాన్నే చెప్పాలి, మెత్తబరచకూడదు, పెంచకూడదు.

నిర్వాహకులు · మంగళవారం రాత్రి 9:05

పై పోస్టులోని మాటపై ఇద్దరు ఫిర్యాదు చేశారు. చర్చ విషయమే అది కాబట్టి ఉంచుతున్నాం.

నాగావళి ఒడ్డు · మంగళవారం రాత్రి 9:20

ఆడపిల్ల చేత నిండు కోర్టులో ఆ మాట అనిపించడం ఏం ధర్మం? కాగితం మీద రాసి ఇవ్వమంటే పోలేదా?

పాత దుభాషి · మంగళవారం రాత్రి 9:48

నేనూ ఆడదాన్నే నాయనా. మొదటిసారి అన్నప్పుడు వెనక బెంచీల్లో ఇకిలింపు వినిపించింది, చెవులు వేడెక్కాయి. గొంతు తగ్గించి చెప్పాను. "వినపడలేదు, మళ్లీ చెప్పమ్మా" అన్నారు. రెండుసార్లు అనాల్సి వచ్చింది! అప్పట్నుంచి మామూలు గొంతుతో, మిగతా మాటల వరసలోనే చెప్తున్నాను. ముందు 'క్షమించాలి' అని కూడా అనను. ఆ క్షమాపణ సాక్షిది అనుకుంటారు, లేదా సాక్షి సంస్కారం మీద నా అభిప్రాయం అనుకుంటారు. కాగితం మీద రాసివ్వమని జడ్జిగారు అడిగితే రాసిస్తాను, అది ఆయన ఇష్టం. నా అంతట నేను అడగను.

మొదట్లోనే ఒక మాట మనవి చేసుకుంటే మంచిది, "సాక్షి ఏ మాట అంటే ఆ మాటే చెప్తాను" అని. తర్వాత ఎవరూ ఉలిక్కిపడరు.

ఉద్దానం పిల్ల · మంగళవారం రాత్రి 10:12

అమ్మా, మరి ఆ రోజు చెప్పేసింది ఎలా? ఐదుగురు, అతను, చంపుతాను, అన్నీ టైపయిపోయాయి. ప్రాసిక్యూటరుగారి దగ్గరికెళ్లి చెప్పనా? ఆ పెద్దావిడ ఇల్లు కూడా తెలుసు.

పాత దుభాషి · బుధవారం ఉదయం 5:50

ఇద్దరి దగ్గరికీ వెళ్లకు. ఒక పక్షానికి ముందు చెప్పావంటే రెండో పక్షానికి నువ్వు దుభాషివి కావు. సాక్షి ఇంటికి వెళితే ఇంకా ఘోరం, నేర్పించావంటారు.

ముందు ఇది చెప్పు: ఆవిడకి వాంగ్మూలం చదివి వినిపించారా? సురక్షా సంహిత 313 ప్రకారం చదివి వినిపించాలి, రాసిన భాష ఆవిడకి రాకపోతే ఆవిడ భాషలో చెప్పించాలి. చెప్పేది మళ్లీ నువ్వే. చాలా తప్పులు దొరికేది అక్కడే, చాలా తప్పులు ముదిరేది కూడా అక్కడే. ఎందుకంటే 'ఐదుగురు' అని రాసి ఉన్నదాన్ని చూసి, నువ్వు మొహమాటానికి మళ్లీ "చారి పాంచ" అని వినిపిస్తే ఆవిడ సరేనంటుంది, తప్పు అలాగే ఉండిపోతుంది. రాసి ఉన్నది 'పాంచ' అయితే 'పాంచ' అనే వినిపించాలి. అప్పుడు ఆవిడే "నేను అలా అనలేదే" అంటుంది.

ఉద్దానం పిల్ల · బుధవారం ఉదయం 6:20

వినిపించాను. హడావిడిగా. సరిగ్గా మీరన్నట్టే చేశాను, ఆవిడ అన్నట్టుగానే ఒడియాలో చెప్పేశాను. ఆవిడ తల ఊపింది, వేలిముద్ర వేసింది.

పాత దుభాషి · బుధవారం ఉదయం 6:41

అయితే నీ పేరున ఒక చిన్న మెమో రాయి. ఫలానా తేదీన ఫలానా మాటల తర్జుమాలో నా వల్ల తేడా వచ్చింది, సాక్షి అన్న ఒడియా మాటలు ఇవి, వాటికి తెలుగు ఇది, అని. సమర్థన వద్దు, కారణాలు వద్దు. బెంచి గుమాస్తా ద్వారా జడ్జిగారికి పెట్టు. రెండు పక్షాలకీ ఆయనే చూపిస్తారు. అవసరమనుకుంటే 348 కింద సాక్షిని మళ్లీ పిలిచే అధికారం ఆయనకుంది. నీ మీద కోపం వస్తే రానీ.

కోటబొమ్మాళి జూనియర్ · బుధవారం ఉదయం 9:30

మేడమ్, మెమో పెడితే డిఫెన్సు వాళ్లు ఆవిడ సాక్ష్యం మొత్తం నమ్మదగినది కాదంటారు. ప్రాసిక్యూషన్‌కి నష్టం. ఆ పెద్దావిడ నిజమే చెప్పింది కదా, ఆవిడని ఎందుకు బలి చేయాలి?

పాత దుభాషి · బుధవారం ఉదయం 10:15

అంటారు, నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. మెమో పెట్టకపోతే మాత్రం ఒక మొగుడికి, తన పెళ్లాం అన్న మాటకి శిక్ష పడే వీలుంది.

సీతంపేట మాస్టారు · బుధవారం మధ్యాహ్నం 12:30

నాగావళిగారూ, మీ నాన్నగారి కాగితం ఇంకా ఉందా? చదివి వినిపించినప్పుడు ఇంగ్లీషులోనే వినిపించారా?

నాగావళి ఒడ్డు · బుధవారం మధ్యాహ్నం 1:02

తెలుగులోనే చెప్పారట. "గుంట దగ్గర" అనే చెప్పారట, అందుకే నాన్న సరేనన్నారు. ఇప్పుడు అర్థమైంది.

ఉద్దానం పిల్ల · శుక్రవారం రాత్రి 9:15

మెమో పెట్టాను. జడ్జిగారు చదివి, ఏమీ అనకుండా ఫైలులో పెట్టించారు. రెండు పక్షాల లాయర్లకీ చూపించారు. ఆవిడని మళ్లీ పిలుస్తారో లేదో వాయిదా రోజున తెలుస్తుంది. పిలిస్తే నన్నే ఉండమన్నారు, అది మంచికో చెడుకో తెలియడం లేదు.

ఇందాక గది తలుపేసుకుని, మామూలు గొంతుతో రావాలని ఆ రెండో మాట పదిసార్లు అని చూసుకున్నాను. ఏడోసారికి కాస్త కుదిరింది. అమ్మ వంటింట్లోంచి "ఎవల్నే అలా తిడతన్నావు?" అని గరిటెతో వచ్చేసింది.

పాత దుభాషి · శుక్రవారం రాత్రి 9:40

ఆవిడకి వినపడిందంటే గొంతు సరిపోయినట్టే.